అగ్నిప్రమాద క్లెయిమ్‌లో చేతికెంత వస్తుంది: ఇండెమ్నిటీ, కోఇన్సూరెన్స్, సబ్రోగేషన్ లెక్క మీరే వేసుకునే పద్ధతి

"నష్టం 16 లక్షలని సర్వేయరే రాశాడు, కంపెనీ మాత్రం పదకొండున్నరే ఇస్తానంటోంది. మిగతాది ఏమైంది?" ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీని వెంటే ఇంకొకటి వస్తుంది: "నిప్పు అంటించిన కాంట్రాక్టర్ నాకు డబ్బిస్తే దాని మీద కంపెనీకి హక్కెలా వచ్చింది?"

రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఆస్తి బీమా మిమ్మల్ని ప్రమాదానికి ముందు ఉన్న స్థితికి తీసుకురావాలి, అంతకంటే పైకి తీసుకెళ్లకూడదు. ఇది ఇండెమ్నిటీ సూత్రం. తక్కువ మొత్తానికి బీమా చేసి పూర్తి పరిహారం పట్టుకుపోకుండా చూసేది కోఇన్సూరెన్స్. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు తీసుకోకుండా చూసేది సబ్రోగేషన్. ఒక షెడ్డు కాలిన కేసు తీసుకుని, క్లెయిమ్ నడిచే వరుసలోనే లెక్క వేద్దాం. కరెన్సీ మీది ఏదైనా సరే, లెక్క మారదు.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాలసీ పూర్తి ప్రతి. మొదటి పేజీ ఒక్కటే సరిపోదు, షరతుల పేజీలే ముఖ్యం.
- ప్రమాదం జరిగిన రోజుకు కాలిన భాగం విలువతో పాటు మొత్తం భవనం విలువ. చాలామంది దగ్గర లేనిది ఈ రెండోదే.
- మరమ్మతు అంచనాలు, భవనం ఎప్పుడు కట్టారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు అన్న ఆధారాలు.
- ప్రమాదానికి కారణమైన వస్తువులు, ఫొటోలు, ఫైర్ సర్వీస్ నివేదిక.
- కాంట్రాక్టర్లతో, అద్దెదార్లతో రాసుకున్న ఒప్పందాలు.

పాలసీలో మూడు చోట్ల గీత గీసుకోండి. నష్టాన్ని ఏ విలువ మీద కడతారు (తరుగుదల తీసేసిన విలువా, కొత్త ధరా), కోఇన్సూరెన్స్ శాతం ఎంత, అంటే ఆస్తి విలువలో కనీసం ఎంత శాతానికి బీమా ఉండాలంటోంది, డిడక్టిబుల్ ఎంత, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం ఎంత. కొన్ని పాలసీల్లో కోఇన్సూరెన్స్ అన్న మాటే కనిపించదు. దాని స్థానంలో "యావరేజ్" లేదా "అండర్ ఇన్సూరెన్స్" క్లాజు ఉంటుంది. అది కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే సాధారణంగా 80 శాతం దగ్గర ఆగకుండా నూటికి నూరు శాతం విలువతో పోలుస్తుంది.

ఆరోగ్య బీమాలో బిల్లులో కొంత శాతం రోగి కట్టడాన్ని, ఒకే పాలసీని నాలుగు కంపెనీలు పంచుకోవడాన్ని కూడా కోఇన్సూరెన్స్ అనే అంటారు. ఇక్కడి విషయం ఆ రెండూ కాదు.

## 2. మన కేసు

వర్క్‌షాప్ షెడ్డు ఒకటి ఉంది. పైకప్పు పని చేస్తున్న వెల్డింగ్ కాంట్రాక్టర్ నిప్పురవ్వల వల్ల కొంత భాగం కాలింది.

- అదే షెడ్డు ఇవాళ కొత్తగా కడితే: 1 కోటి
- వాడకం, వయసు తీసేస్తే ప్రమాదం రోజు విలువ: 80 లక్షలు
- బీమా మొత్తం: 48 లక్షలు
- కోఇన్సూరెన్స్ షరతు: 80 శాతం
- డిడక్టిబుల్: 50 వేలు
- పాలసీ కట్టే పద్ధతి: తరుగుదల తీసేసిన విలువ

యజమాని 48 లక్షలకు బీమా చేసినప్పుడు అది సరిపోయే మొత్తమే కావచ్చు. తర్వాత నిర్మాణ ఖర్చు పెరిగింది, పాలసీ మాత్రం ఏటా అదే అంకెతో రెన్యూ అయింది. తక్కువ బీమా ఎక్కువగా ఇలాగే పుడుతుంది, ఎవరో మోసం చేయాలనుకోవడం వల్ల కాదు. క్లాజుకు మాత్రం ఉద్దేశంతో పని లేదు.

## 3. మొదటి అడుగు: అసలు నష్టం తేల్చండి

కాలిన భాగాన్ని కొత్తగా కట్టడానికి అంచనా 21 లక్షలు. అందులో కాలిన తుక్కు ఇనుము యజమాని దగ్గరే ఉండిపోతుంది, దాని ధర 1 లక్ష. తరుగుదల 4 లక్షలు.

21 − 4 − 1 = 16 లక్షలు.

గొడవలు ఎక్కువగా మొదలయ్యేది తరుగుదల దగ్గరే. పదేళ్లు ఎండకు ఎండిన రేకు పోయిన చోట కొత్త రేకు వేస్తే, యజమానికి ప్రమాదానికి ముందు లేని పదేళ్ల ఆయుష్షు ఉచితంగా వచ్చినట్టు. ఆ భాగం తీసేయడం న్యాయమే. కానీ ఎంత తీయాలన్నది వేరే మాట. సర్వేయర్ భవనం వయసు చూసి అన్నిటికీ ఒకే శాతం కొట్టేస్తే అడ్డం పడండి. రెండేళ్ల క్రితం మార్చిన ట్రస్సులకు బిల్లు ఉంటే వాటికి రెండేళ్ల తరుగుదలే పడాలి. కాలిన భాగాన్ని గోడలు, ట్రస్సులు, రేకులు, వైరింగ్ అని విడగొట్టి, ఒక్కోదానికి వయసు, మిగిలిన ఆయుష్షు రాసి పట్టిక ఇవ్వండి. నోటితో వాదించడం కంటే అదే పనిచేస్తుంది.

తుక్కు విషయంలో కూడా ఓ కన్నేయండి. తుక్కు కంపెనీ తీసుకెళ్తే దాని ధర మీ నష్టంలోంచి తీయకూడదు. ధర తీసేశారంటే తుక్కు మీది. రెండూ వాళ్లకే పోతే మీకు లక్ష తక్కువ పడినట్టు.

## 4. రెండో అడుగు: కోఇన్సూరెన్స్ నిష్పత్తి

ఈ నాలుగు లైన్లు కాగితం మీద వేయండి.

1. ప్రమాదం రోజు మొత్తం విలువ × షరతు శాతం = ఉండాల్సిన బీమా. 80 లక్షలు × 80% = 64 లక్షలు.
2. ఉన్న బీమా ÷ ఉండాల్సిన బీమా. 48 ÷ 64 = ముప్పావు.
3. నష్టం × ఆ నిష్పత్తి. 16 లక్షలు × ముప్పావు = 12 లక్షలు.
4. డిడక్టిబుల్ తీసివేత. 12 లక్షలు − 50 వేలు = 11.5 లక్షలు.

నిష్పత్తి ఒకటి దాటితే కోత లేదు, అలాగని నష్టం కంటే ఎక్కువా రాదు. ఇదే పాలసీలో నూరు శాతం యావరేజ్ క్లాజు ఉండి ఉంటే 48 ÷ 80 వేయాలి. అప్పుడు 16 లక్షల్లో 9.6 లక్షలే, అందులోంచి మళ్లీ డిడక్టిబుల్.

"బీమా 48 లక్షలకు ఉంది, నష్టం పదహారే, మరి కోత ఎందుకు?" అనే అడుగుతారు అందరూ. పక్కపక్కనే ఇలాంటి షెడ్లు రెండున్నాయనుకోండి. ఒకరు 64 లక్షలకు, ఇంకొకరు 48 లక్షలకు బీమా చేశారు. రెండో వ్యక్తి కట్టే ప్రీమియం మొదటి వ్యక్తి ప్రీమియంలో ముప్పావు. భవనాలు పూర్తిగా బూడిదయ్యే ప్రమాదాలు తక్కువ, పాక్షికంగా కాలేవే ఎక్కువ. ఇద్దరికీ 16 లక్షల నష్టం వచ్చినప్పుడు ఇద్దరికీ పూర్తిగా ఇస్తే, నూటికి నూరు ప్రీమియం కట్టడంలో అర్థమే లేదు. తక్కువకు బీమా చేసినవాడి క్లెయిమ్‌ను మిగతావాళ్లు మోసినట్టవుతుంది. అందుకే కట్టని పావు వంతు ప్రీమియానికి ఆ పావు వంతు నష్టాన్ని యజమానే భరించాలంటుంది క్లాజు. ఆ మేరకు తనకు తానే బీమా కంపెనీ.

ఇందులో ఓ విచిత్రం కూడా ఉంది. షెడ్డు మొత్తం కాలిపోతే కోఇన్సూరెన్స్ కోత కనిపించదు. 80 లక్షల నష్టానికి ముప్పావు అంటే 60 లక్షలు, కానీ పాలసీ పరిమితి 48 లక్షలు. కాబట్టి ఆ పరిమితి దాకా వస్తుంది. కోత పడేది పాక్షిక నష్టాల మీదే. నష్టం చిన్నది కదా అని నిష్పత్తి లెక్క వదిలేసినవాళ్లకే చెక్కు చూశాక గుండె గుభేల్మంటుంది.

డిడక్టిబుల్ ఎప్పుడు తీయాలి? ఎక్కువ ప్రామాణిక పాలసీల్లో ముందు నిష్పత్తి, తర్వాత డిడక్టిబుల్. వరుస తారుమారైతే (16 − 0.5) × ముప్పావు = 11.625 లక్షలు, అంటే 12,500 తేడా. మీ పాలసీలో ఏ వరుస రాసుందో చూసి, అదే వేయించండి.

## 5. కొత్త ధర కట్టే పాలసీ ఉంటే

"నా పాలసీ రీప్లేస్‌మెంట్ పద్ధతి, తరుగుదల తీయరు కాబట్టి నాకు ఎక్కువ వస్తుంది" అని ధీమాగా ఉండేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేయాలి. నష్టాన్ని కొత్త ధరతో కొలిస్తే, ఉండాల్సిన బీమాను కూడా కొత్త ధరతోనే కొలుస్తారు.

మన షెడ్డుకే వేద్దాం. కొత్త ధర 1 కోటి, 80 శాతం అంటే 80 లక్షల బీమా ఉండాలి. ఉన్నది 48. నిష్పత్తి 60 శాతానికి పడిపోయింది. నష్టం 21 − 1 తుక్కు = 20 లక్షలు. అందులో 60 శాతం 12 లక్షలు. అంతకుముందు వచ్చిందీ పన్నెండే!

ఇది కాకతాళీయం కాదు. కాలిన భాగం, మొత్తం భవనం ఒకే మోతాదులో పాతబడ్డాయి, అందుకే రెండు వైపులా సమానంగా పెరిగింది. కాలిన భాగం మిగతా భవనం కంటే బాగా పాతదైతే కొత్త ధర పద్ధతి లాభిస్తుంది, కొత్తదైతే తరుగుదల పద్ధతే మేలు. పద్ధతి ఎంచుకునే వీలు మీ పాలసీలో ఉంటే రెండూ వేసి చూశాకే క్లెయిమ్ ఫారంలో టిక్కు పెట్టండి. చాలా పాలసీలు కొత్త ధర తేడాను నిజంగా తిరిగి కట్టాకే ఇస్తాయి. కట్టకుండా డబ్బు తీసుకుంటే అది నష్టపరిహారం దాటి ఆదాయమైపోతుందని వాటి లెక్క.

## 6. మూడో అడుగు: కాంట్రాక్టర్‌తో ఏం చేయాలి, ఏం చేయకూడదు

షెడ్డు కాలిన వారానికి కాంట్రాక్టర్ వచ్చి, "రెండు లక్షలిస్తాను, ఇక్కడితో అయిపోయిందని ఓ సంతకం పెట్టండి" అంటాడు. ఎలాగూ బీమా వస్తుంది కదా, ఇది అదనం అనిపిస్తుంది. ఆ సంతకం పెట్టకండి.

కంపెనీ మీకు 11.5 లక్షలు కట్టాక, కాంట్రాక్టర్ మీద మీకున్న హక్కును ఆ మేరకు కంపెనీ వాడుకోవచ్చు. ఇదే సబ్రోగేషన్. కంపెనీకి వచ్చేది కొత్త హక్కు కాదు, మీ హక్కే. మీరు దాన్ని రెండు లక్షలకు వదిలేసుకుంటే కంపెనీ చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు మీ వల్ల తాను పోగొట్టుకున్న మేరకు క్లెయిమ్‌లో తగ్గిస్తుంది, ఇప్పటికే కట్టి ఉంటే వెనక్కి అడుగుతుంది. రెండు లక్షల కోసం పదకొండున్నరను పణంగా పెట్టినట్టు.

మీ హక్కే కాబట్టి దాని లోపాలు కూడా దానితోనే వెళ్తాయి. దావా గడువు కంపెనీ చెక్కు ఇచ్చిన రోజు నుంచి కాదు, మీకు హక్కు పుట్టిన నాటి నుంచి లెక్క. వెల్డింగ్ చోట ఆయిల్ డబ్బాలు తీయకపోవడం మీ తప్పైతే ఆ వాదన కంపెనీ మీదా పనిచేస్తుంది.

చేయాల్సినవి ఈ వరుసలో:

- ☐ కాలిన చోటును సర్వేయర్ చూసేదాకా కదపవద్దు. గ్యాస్ హోస్, వెల్డింగ్ కేబుల్ లాంటివి తుక్కు బండికి వేయకుండా విడిగా దాచండి. కారణం రుజువు కాకపోతే వసూలు అక్కడే ఆగిపోతుంది.
- ☐ కాంట్రాక్టర్‌కు నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి.
- ☐ అతని తరఫున ఎవరైనా రాజీకి వస్తే, ఒప్పుకోకుండా కంపెనీకి తెలియజేయండి.
- ☐ బీమా వర్తించని మీ నష్టాల జాబితాను కంపెనీ న్యాయవాదికి ఇచ్చి, అవన్నీ అదే దావాలో చేర్చమని రాయండి.

చివరిది చిన్నగా కనిపిస్తుంది కానీ పెద్ద దెబ్బ అక్కడే. చాలాచోట్ల ఒకే ప్రమాదంలో ఒకే ఆస్తికి జరిగిన నష్టాన్ని ముక్కలు చేసి రెండు దావాలు వేయనివ్వరు. దావా సాధారణంగా మీ పేరు మీదే నడుస్తుంది. కంపెనీ తన 11.5 లక్షలకే డిక్రీ తెచ్చుకుని వెళ్లిపోతే, మీ నాలుగున్నర లక్షల కోసం మళ్లీ కోర్టుకెక్కే దారి మూసుకుపోవచ్చు.

ప్రమాదానికి ముందే కాంట్రాక్టులో "ఒకరి మీద ఒకరం నష్టం అడగం" అని రాసుకుంటే? కొన్ని పాలసీలు ముందే రాసుకున్న ఇలాంటి మినహాయింపును ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కాబట్టి నిర్మాణ పనుల ఒప్పందం మీద సంతకానికి ముందు ఆ క్లాజు కంపెనీకి చూపించి రాతలో జవాబు తీసుకోండి.

## 7. నాలుగో అడుగు: వసూలైన డబ్బు పంపకం

కాంట్రాక్టర్ మొత్తం 16 లక్షలు కడితే చిక్కే లేదు. కంపెనీకి 11.5, మీకు 4.5. మీ చేతికి మొత్తం 16 లక్షలు చేరాయి, పైసా ఎక్కువ లేదు. సబ్రోగేషన్ లేకపోతే మీకు కాంట్రాక్టర్ 16, కంపెనీ 11.5 కలిపి 27.5 లక్షలు వచ్చేవి. షెడ్డు కాలడమే లాభసాటి వ్యాపారమయ్యేది.

చిక్కంతా తక్కువ వసూలైనప్పుడే. ఖర్చులు పోను 8 లక్షలే వచ్చాయనుకుందాం. మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

- యజమాని ముందు: మీ లోటు 4.5 తీరాకే కంపెనీకి. మీకు 4.5, కంపెనీకి 3.5.
- దామాషా: నష్టం ఎవరెంత మోశారో అదే నిష్పత్తిలో. వసూలైంది సగం కాబట్టి మీకు 2.25, కంపెనీకి 5.75.
- కంపెనీ ముందు: 8 లక్షలూ కంపెనీకే, మీకు సున్నా.

ఏది వర్తిస్తుందన్నది మీ దేశ చట్టం, మీ పాలసీ మాటలు తేలుస్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు యజమాని ముందు అన్న నియమం వైపు మొగ్గుతాయి, కానీ పాలసీలో స్పష్టంగా వేరేలా రాసి ఉంటే చాలాచోట్ల ఆ రాతే చెల్లుతుంది. బ్రిటన్ 1906 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 81వ సెక్షన్ తక్కువ బీమా చేసినవాడిని మిగతా భాగానికి తానే బీమాదారుగా లెక్కిస్తుంది, అంచేత అక్కడి సముద్ర బీమాలో దామాషా. నా ఉద్దేశంలో తక్కువ బీమా వల్ల వచ్చిన లోటుకు దామాషాయే సబబు. ఆ పావు వంతు మోస్తానని యజమాని ప్రీమియం దగ్గరే ఒప్పుకున్నట్టు కదా. ఎంత తరుగుదల తీశారన్న గొడవ వల్ల వచ్చిన లోటు మాత్రం వేరు, అక్కడ యజమానే ముందు ఉండాలి.

ఖర్చుల సంగతి కూడా ముందే తేల్చుకోండి. లాయరు ఫీజు మొత్తం మీద తీసి మిగిలింది పంచుతారా, లేక మీ వాటాలోంచే తీస్తారా అన్నది రాతలో లేకపోతే పంపకం రోజు పేచీ ఖాయం.

## 8. పరిమితి రెండు వైపులా ఉంటుంది

1883లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు తీర్పిచ్చిన కాస్టెలైన్, ప్రెస్టన్ కేసు ఇండెమ్నిటీ సూత్రానికి మూలస్తంభం. ప్రెస్టన్ తన ఇంటిని 3,100 పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం రాశాడు. అమ్మకం పూర్తయ్యేలోపు మంటలు రేగి ఇల్లు దెబ్బతింది. బీమా కంపెనీ 330 పౌండ్లు కట్టింది. తర్వాత కొన్నవాడు పూర్తి ధరా చెల్లించాడు. అంటే ప్రెస్టన్‌కు పోయింది ఏమీ లేదు. ఆ 330 వెనక్కి ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. ఇక్కడ తప్పు చేసిన మూడో మనిషే లేడు, ఒప్పందం ప్రకారం వచ్చిన డబ్బు చాలు. భవనం అమ్మకం మధ్యలో ఉండగా క్లెయిమ్ వేసేవాళ్లు ఈ సంగతి ముందే కంపెనీకి చెప్పాలి.

దీనికి అటువైపు కేసు యార్క్‌షైర్ ఇన్సూరెన్స్, నిస్బెట్ షిప్పింగ్. 1945లో నిస్బెట్ ఓడ మునిగితే కంపెనీ 72,000 పౌండ్లు కట్టింది. ఢీకొట్టింది కెనడా నౌకాదళం ఓడ. ఏళ్ల తర్వాత కెనడా ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చేసరికి పౌండు విలువ పడిపోయి, అది దాదాపు 1,27,000 పౌండ్లయింది. మొత్తం తనదేనంది కంపెనీ. కట్టినంత వరకే తీసుకోమని, మిగతాది ఓడ యజమానిదేనని కోర్టు చెప్పింది. మీ నుంచి కంపెనీ తాను కట్టినదానికంటే ఎక్కువ అడిగితే ఈ కేసు గుర్తుంచుకోండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

స్థలం విలువ కలిపేయడం. భవనం విలువలో భూమి ధర కలిస్తే ఉండాల్సిన బీమా పెరిగి నిష్పత్తి పడిపోతుంది. భూమి కాలదు. సర్వేయర్ వాడిన విలువలో అది లేదని నిర్ధారించుకోండి. పాలసీ మినహాయిస్తే పునాదులు, భూగర్భ పైపులు కూడా తీయించండి.

పాత వాల్యుయేషన్ మీద ఆధారపడటం. నిష్పత్తికి లెక్కలోకి వచ్చేది ప్రమాదం రోజు విలువ, పాలసీ తీసుకున్న రోజుది కాదు. రెన్యువల్ ముందు కొత్త వాల్యుయేషన్ చేయించండి. దొరికితే "అగ్రీడ్ వాల్యూ" పద్ధతి అడగండి. కంపెనీ ఒప్పుకున్న మొత్తానికి బీమా చేస్తే ఆ కాలానికి కోఇన్సూరెన్స్ కోత ఆగుతుంది. గడువు దాటితే మళ్లీ మొదటికొస్తుంది.

రెండు పాలసీల మీద పూర్తి క్లెయిమ్ వేయడం. ఒకే షెడ్డుకు రెండు కంపెనీల దగ్గర బీమా ఉంటే నష్టాన్ని అవి పంచుకుంటాయి, మీకు రెండింతలు రాదు. రెండో పాలసీ దాచిపెడితే మొదటి క్లెయిమ్‌కే ఎసరు.

జీవిత బీమాకు ఇదే లెక్క వేయడం. ప్రాణానికి ధర కట్టి నష్టం కొలవలేం కాబట్టి జీవిత బీమా, నిర్ణీత మొత్తం ఇచ్చే ప్రమాద బీమా ఇండెమ్నిటీ కిందకు రావు. రెండు పాలసీల డబ్బూ తీసుకోవచ్చు. ప్రమాదం చేసినవాడి పరిహారంలో ఆ కంపెనీలకు వాటా ఉండదు.

డిశ్చార్జ్ వోచర్ చదవకుండా సంతకం. చెక్కుకు ముందు ఇచ్చే ఆ కాగితంలో మూడు చూడండి:

- ☐ కంపెనీకి వెళ్లేది "చెల్లించిన మొత్తం మేరకు" హక్కా, లేక మీ హక్కులన్నీ రాసిచ్చేస్తున్నారా? రెండోదైతే మీ 4.5 లక్షలు కూడా వెళ్లిపోతాయి.
- ☐ "పూర్తి, తుది పరిష్కారం" అని ఉందా? తరుగుదల మీద మీకు అభ్యంతరం ఉంటే, ఆ మాట తీయించి లేదా అభ్యంతరాన్ని దాని మీదే రాసి సంతకం పెట్టండి.
- ☐ నిష్పత్తి లెక్కలో కంపెనీ వాడిన మొత్తం విలువ ఎంతో కాగితంలో ఉందా? లేకపోతే సర్వే రిపోర్టు ప్రతి వచ్చేదాకా ఆగండి. 80 లక్షల బదులు 96 లక్షలు వేసి ఉంటే మీ 12 లక్షలు 10 లక్షలవుతాయి, ఆ తేడా ఆ రిపోర్టులో తప్ప ఇంకెక్కడా కనపడదు.